క్రియాటినిన్ నార్మల్, ఈజీఎఫ్ఆర్ 50: ఈ అంకెను ఎలా చదవాలి?

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఒకరు 28 ఏళ్ల యువకుడు, రోజూ జిమ్‌కు వెళ్తాడు, కండలు బాగా ఉన్నాయి. ఇంకొకరు 65 ఏళ్ల గృహిణి. పదేళ్లుగా షుగరు, దానికి తోడు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ ఒకే ల్యాబ్‌లో రక్తం ఇచ్చారు. ఇద్దరి క్రియాటినిన్ కూడా 1.2 వచ్చింది. కొన్ని ల్యాబ్‌లు ఆడా మగా తేడా లేకుండా 1.3 దాకా నార్మల్ అనే ముద్రిస్తాయి కాబట్టి ఇద్దరి రిపోర్టులోనూ ఆ అంకె పక్కన హెచ్చరిక గుర్తేమీ పడలేదు. కానీ కింది వరసలో eGFR అని ఉన్నచోట యువకుడికి 84, ఆమెకు 50 అని ఉంది.

రక్తంలో కొలిచిన పదార్థం ఒకటే, దాని మోతాదూ ఒకటే. మరి కిడ్నీల లెక్కలో ఇంత తేడా ఎలా వచ్చింది?

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత యూనిట్లు ఉంటాయి. ప్రతి యూనిట్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్ట ఉంటుంది. రక్తం అందులోంచి పోతుంటే నీరు, లవణాలు, వ్యర్థాలు బయటికి ఊరతాయి, రక్తకణాలూ ప్రొటీన్లూ లోపలే ఉండిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్లో రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి వంద నుంచి నూట ఇరవై అయిదు మిల్లీలీటర్ల దాకా వడకడతాయి. నిమిషానికి 125 చొప్పున లెక్కేస్తే రోజుకు 180 లీటర్లు. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్లిపోతుంది, లీటరున్నర మాత్రం మూత్రంగా బయటికొస్తుంది. నిమిషానికి జరిగే ఈ వడపోత వేగమే జీఎఫ్ఆర్. దాన్ని నేరుగా కొలవాలంటే ఇన్యులిన్ లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, గంటల తరబడి రక్తం, మూత్రం నమూనాలు తీయాలి. మామూలు ల్యాబ్‌లో అది అయ్యే పని కాదు. అందుకే రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి వేగాన్ని అంచనా కడతారు. జీఎఫ్ఆర్‌కు ముందున్న ‘ఈ’ అక్షరం చెప్పేది అదే: ఇది కొలత కాదు, అంచనా.

క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తయారై రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు దాన్ని తీసేస్తాయి. కుళాయి ఒకే ధారగా పారుతున్న సింకులో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చూసి, తూము ఎంత పూడిందో చెప్పడం లాంటిదే ఈ లెక్క. అయితే ధార ఎంత లావో ముందు తెలియాలి. కండలు తిరిగిన యువకుడిలో ధార లావు. రక్తంలో 1.2 నిలిచినా అతని కిడ్నీలు బాగానే పనిచేస్తున్నట్టు లెక్క. వయసు మీదపడి కండ తగ్గిన ఆమెలో ధార సన్నం. అంత సన్నని ధారకే 1.2 దాకా పేరుకుందంటే తూము దగ్గర ఇబ్బంది ఉన్నట్టే.

ల్యాబ్ కంప్యూటరుకు ఎవరి కండ ఎంతో తెలియదు. అది వాడే సూత్రంలోకి వెళ్లేవి మూడే: క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్న వివరం. ఈ సూత్రం పేరు సీకేడీ-ఈపీఐ. 2009లో వచ్చింది, 2021లో సవరించారు. ఆ గృహిణి క్రియాటినిన్‌నే 2009 సూత్రంలో వేస్తే 48 వస్తుంది, 2021 సూత్రంలో వేస్తే 50. ల్యాబ్ మారినప్పుడు రెండు మూడు పాయింట్ల తేడా వస్తే, కిడ్నీ మారకపోయినా సూత్రం మారి ఉండొచ్చు. రిపోర్టులో అంకె పక్కన కనిపించే 1.73 చదరపు మీటర్లు సగటు మనిషి శరీర ఉపరితలం. పొడవూ బరువూ వేరువేరుగా ఉన్నవాళ్లను పోల్చడానికి అందరి వడపోతనూ ఆ ఒక్క కొలతకు సర్దుతారు.

ఈ 50ని చాలామంది ‘కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయట’ అని చదువుకుంటారు. అది సరైన అర్థం కాదు. ఇవి మిల్లీలీటర్లు, శాతం కాదు. నలభై దాటాక జబ్బేమీ లేకపోయినా ఏడాదికి ఒక పాయింటు అటూ ఇటుగా తగ్గడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న 65 ఏళ్ల మనిషిలోనూ 100 ఉండాలని లేదు.

డాక్టర్లు ఈ అంకెను మెట్లుగా విడదీస్తారు. 90, ఆపైన ఉంటే మొదటి మెట్టు. 60 నుంచి 89 దాకా రెండోది. మూత్రంలో ప్రొటీన్ పోవడం, స్కానింగులో లోపం లాంటి వేరే ఆధారం లేకపోతే ఈ రెండు మెట్లనూ జబ్బు అనరు. 60 కిందికి పడి, మూడు నెలలకు మించి అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 వరకు మూడో మెట్టు, 15 నుంచి 29 వరకు నాలుగోది, 15 లోపు అయిదోది. మూడో మెట్టును 45 దగ్గర మళ్లీ రెండుగా చీలుస్తారు.

ఇందులో ఎక్కువమంది మరిచిపోయేది ఆ మూడు నెలల షరతు. ఒక్క రిపోర్టు చూసి మెట్టు నిర్ణయించరు. మన గృహిణి విషయానికొస్తే, డాక్టరు మొదట అడిగేవి నాలుగైదు ప్రశ్నలు. ముందురోజు వాంతులో విరేచనాలో అయ్యాయా? ఎండలో తిరిగి నీళ్లు తాగలేదా? రాత్రి మటన్ తిన్నారా? వండిన మాంసంలోని క్రియాటినిన్ కొన్ని గంటలపాటు రక్తంలో అంకెను పెంచుతుంది. మోకాళ్లకు ఏం మాత్రలు వేసుకుంటున్నారు? ఆమె రెండు వారాలుగా మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ వేసుకుంటోందనుకుందాం. ఇలాంటి నొప్పి మాత్రలు గ్లోమెరులస్‌లోకి వచ్చే రక్తనాళాన్ని బిగించి వడపోతను తగ్గిస్తాయి. వాటిని ఆపించి, రెండు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్ఆర్ 56 వచ్చింది. మూడు నెలలకు చూసినా 56. అంటే తగ్గిన దాంట్లో కొంత భాగం మాత్రలది. మిగతాది నిజంగానే కిడ్నీది.

ఇప్పుడు రెండో పరీక్ష కావాలి. అది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపుంటే జల్లెడ చెక్కుచెదరనట్టు. 30 నుంచి 300 దాకా ఉంటే కారుతున్నట్టు. 300 దాటితే గట్టిగా దెబ్బతిన్నట్టు. ఆమెకు 10 వస్తే అదే 56 అంత భయపడాల్సినది కాదు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకుని ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. 180 వస్తే మాత్రం అదే 56కు అర్థం మారిపోతుంది: కిడ్నీ దిగజారే ముప్పూ, గుండెపోటు ముప్పూ రెండూ పెరిగినట్టే. అప్పుడు సాధారణంగా రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందుల్లో ఒకటి, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మందు మొదలుపెడతారు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఈ మందులు గ్లోమెరులస్‌లోని ఒత్తిడిని తగ్గిస్తాయి. కిడ్నీని కాపాడేది అదే. కానీ ఒత్తిడి తగ్గగానే వడపోత కూడా కాస్త తగ్గి, మొదటి వారాల్లోనే ఈజీఎఫ్ఆర్ నాలుగైదు పాయింట్లు పడొచ్చు. క్రియాటినిన్ పాత అంకె మీద 30 శాతం దాకా పెరిగినా, పొటాషియం మామూలుగా ఉంటే డాక్టర్లు మందు కొనసాగిస్తారు. ‘మందు వేసుకున్నాక కిడ్నీ ఇంకా పాడైంది’ అనుకుని రోగి తనంతట తాను మానేస్తే, కాపాడే మందునే వదులుకున్నట్టవుతుంది.

అంకె తక్కువ చూపించినప్పుడు వచ్చే పొరపాటు ఇదైతే, ఎక్కువ చూపించినప్పుడు వచ్చేది ఇంకొకటి. సూత్రానికి ఆధారమైన రక్తనమూనాల్లో అత్యధికం పాశ్చాత్య దేశాలవి. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు భారతీయుల్లో ఇన్యులిన్ పద్ధతితో నేరుగా కొలిచి, ఈ సూత్రాలు మనవాళ్ల జీఎఫ్ఆర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపుతున్నాయని 2018లో ప్రచురించారు. కండ తక్కువ, మాంసాహారం తక్కువ అయిన శరీరాల్లో క్రియాటినిన్ తక్కువగా తయారవడం దీనికి ఒక కారణం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ సంగతికి ఎంతో బరువుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ కిడ్నీ జబ్బు వస్తోంది, దాని అసలు కారణం ఇంకా తేలలేదు. ఈ రకం జబ్బు జల్లెడకన్నా దాని చుట్టూ ఉన్న గొట్టాలను ముందు దెబ్బతీస్తుంది. అందుకే మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించదు, స్ట్రిప్ పరీక్ష నార్మల్ అనేస్తుంది. జబ్బును పట్టివ్వాల్సిన భారం క్రియాటినిన్ మీదే పడుతుంది. బక్కగా ఉన్న 55 ఏళ్ల కూలీకి క్రియాటినిన్ 1.0 వస్తే సూత్రం 89 అని చెబుతుంది. అతని కండను బట్టి చూస్తే అసలు అంకె అంతకన్నా బాగా తక్కువే కావొచ్చు. ఇలాంటి అనుమానం ఉన్నచోట సిస్టాటిన్ సి పరీక్ష పనికొస్తుంది. అది కండరంలోంచే కాక శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోంచీ వచ్చే ప్రొటీన్. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దాన్ని కూడా తప్పుదారి పట్టించగలవు, ఖర్చూ ఎక్కువే. కాలు తీసేసినవారికీ, గర్భిణులకూ, ఆసుపత్రిలో కిడ్నీ అప్పటికప్పుడు దెబ్బతిన్నవారికీ మామూలు ఈజీఎఫ్ఆర్‌ను నమ్మి నిర్ణయాలు తీసుకోరు.

అంకె 45కు పైనున్నంతకాలం చాలామందికి ఒంట్లో తేడా ఏమీ తెలియదు. కాళ్ల వాపు, నురగ మూత్రం కొందరిలోనే కనిపిస్తాయి. 30 దిగాక కిడ్నీ చేసే మిగతా పనులూ కుంటుపడతాయి. ఎముకమజ్జకు రక్తం తయారుచేయమని చెప్పే హార్మోన్ తగ్గి రక్తహీనత వస్తుంది. పొటాషియం, ఫాస్ఫరస్, రక్తంలో ఆమ్లం పెరుగుతాయి. మెట్‌ఫార్మిన్‌ను 30 దిగితే ఆపేస్తారు, 45 దిగినప్పుడే మోతాదు తగ్గించే ఆలోచన చేస్తారు. కిడ్నీ నిపుణుడి దగ్గరికి వెళ్లడానికి 30 మామూలు గీత. ఏడాదిలో అయిదు పాయింట్లకు మించి పడిపోతుంటే మాత్రం అంతదాకా ఆగకూడదు. అందుకే పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో ఉంచుకోవాలి.

15 దిగిందంటే వెంటనే డయాలిసిస్ అని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందిపై జరిగి 2010లో వెలువడిన ఐడియల్ అధ్యయనంలో సగం మందికి 10 నుంచి 14 మధ్య డయాలిసిస్ మొదలుపెట్టాలనుకున్నారు. మిగతా సగానికి 5 నుంచి 7కు దిగేదాకా ఆగాలనుకున్నారు. ముందే మొదలుపెట్టినందువల్ల ఎక్కువకాలం బతకలేదు. అయితే ఆగాల్సినవారిలో నాలుగింట మూడొంతుల మందికి ఒంట్లో బాధలు ముదిరి, అనుకున్నదానికన్నా ముందే మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకని ఇప్పుడు వాంతులు, ఊపిరాడకపోవడం, తగ్గని పొటాషియం లాంటివాటిని చూసి డయాలిసిస్ మొదలుపెడతారు. దానికోసం చేతిలో వేసే ఫిస్టులా పక్వానికి రావడానికి కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది కాబట్టి, ఆ ఏర్పాటూ కిడ్నీ మార్పిడి మాటలూ అంకె 20 దాపుల్లో ఉండగానే మొదలవుతాయి.