ఒక్క రివెట్టు బిగుసుకుంటే

విశాఖలో సముద్రం కనిపించే బాల్కనీ అంటే ఎవరికైనా ముచ్చటే, అక్కడ ఇనుప సామాను పెట్టుకున్నవాళ్లకు తప్ప. మా బట్టల స్టాండు రెండు వానాకాలాలకే బిగుసుకుపోయింది. ముప్పావు వంతు తెరుచుకుని, ఆపైన ఎంత లాగినా రాదు. అలాగే నిలబెట్టి తడి దుప్పటి వేస్తే పక్కకి ఒరిగిపోయేది. నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని మా అత్తయ్య కాలి కింద అట్టముక్క కూడా పెట్టి చూశారు.

తప్పు నేలది కాదు. ఈ స్టాండు నిలబడేది రెండు కత్తెర కాళ్ల మీద, ఆ చివరొకటి, ఈ చివరొకటి. రెండింటికీ నడుమ ఒక్కో రివెట్టు. టేపుతో పాదాల మధ్య దూరం కొలిస్తే ఒక చివర 62 సెంటీమీటర్లు, రెండో చివర 48. అంటే ఒక కత్తెర సజావుగానే ఉంది, రెండోదే బిగుసుకుంది. దాంతో చట్రం మెలిపడి ఒక కాలు నేలకి ఆనడం లేదు.

తుప్పు సరిగ్గా అక్కడే ఎందుకు పడుతుందంటే, మూసి తెరిచినప్పుడల్లా గొట్టాలు రెండూ రాసుకుని రివెట్టు చుట్టూ రంగు లేచిపోతుంది. బట్టల నీళ్లు ఆ సందులోకి దిగుతాయి, గాలాడక తొందరగా ఆరవు. ఉప్పుగాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పైగా ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఇరుకు సందులో అది ఉబ్బి, మేకు దిగ్గొట్టినట్టు కీలుని పట్టేస్తుంది.

అందుకే బలం చూపించకూడదు. గొట్టం పలచన, రివెట్టు కన్నం దగ్గర మరీ బలహీనం. అక్కడ నొక్కుకుపోతే మళ్లీ సరికాదు.

నేను స్టాండుని పాత పేపర్ల మీద పడుకోబెట్టి, వైరు బ్రష్‌తో పైతుప్పు గీకి, సందులో కుట్టుమిషను నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. కొబ్బరినూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకి జిగురు కడుతుంది. పొద్దున తెరిచే వైపుకే నెట్టకుండా, అటూ ఇటూ వేలెడంత కదిపాను. గోధుమరంగు బురద బయటికొచ్చింది. తుడవడం, మళ్లీ నూనె, మళ్లీ కదపడం. కారే నూనె తేటగా కనిపించేదాకా ఇదే పని.

కదిలినా ఊగుతుంటే కన్నం అరిగి సాగిందన్నమాట. అప్పుడు రివెట్టుని డ్రిల్లుతో తీయించి, కన్నానికి సరిపడే స్టీలు బోల్టు, వాషర్లు, లోపల నైలాన్ రింగున్న నట్టు వేయించాలి. మామూలు నట్టు మూసి తెరిచేకొద్దీ వదులైపోతుంది. ఊగడం ఆగేదాకా బిగించి, కీలు ఆడేంత మాత్రం వదలాలి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే గొట్టమే దిగబడిందంటే ఇంక ఏ బోల్టూ పనికిరాదు, పాత సామాన్ల బండికి వెయ్యడమే.

మాది అంతదాకా రాలేదు. రెండో రోజు సాయంత్రం కొలిస్తే రెండు చివర్లా 62. కీలు దగ్గర సబ్బునీళ్లతో తుడిచి, తెల్ల గుడ్డతో రుద్ది మరక లేదని చూపించాను. అయినా అత్తయ్య తన తెల్ల చీరలు మాత్రం ఇంకో వారం దండెం మీదే ఆరేశారు.