బట్టల కొట్టుకు ఒక ఉత్తరం

ఆషాఢంలో ముహూర్తాలుండవు. పెళ్లి బట్టల గిరాకీ తగ్గిన ఈ నెలలోనే బట్టల కొట్లు తగ్గింపు అమ్మకాలు పెట్టి పాత స్టాకు ఖాళీ చేసుకుంటాయి. శ్రావణం వచ్చిందంటే మాత్రం యజమానికి తీరిక దొరకదు. పైగా వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. అంటే నెల మొదలైన రెండు వారాల్లోపే. పోస్టర్లు చేసిస్తానని అడగదలచిన కాలేజీ విద్యార్థి ఉత్తరం ఆషాఢం సగంలోనే కొట్టు చేరాలి.

తెనాలి లాంటి ఊళ్లో బీకాం రెండో ఏడాది చదివే అమ్మాయి అలాంటి ఉత్తరం రాస్తోందనుకుందాం. మొదటిసారి రాసినప్పుడు సగం పేజీ తన గురించే ఉంటుంది: నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లు, వచ్చిన సర్టిఫికెట్లు, చేయాలన్న ఉత్సాహం. మధ్యలో ‘మీ పేజీ పాతబడిపోయింది’ అని ఓ మాట. ఆ పేజీ నడుపుతున్నది యజమాని కొడుకే కావచ్చు. ఆ ఒక్క మాటతో ఉత్తరం పక్కకు పోతుంది. తిరగరాస్తే ఇలా ఉండాలి:

“నమస్కారమండీ. నేను మన ఊళ్లోనే బీకాం చదువుతున్నాను. మా అమ్మ చీరలు మీ కొట్లోనే తీసుకుంటుంది. మొన్న మీ దగ్గర మంగళగిరి నిజాం అంచు చీరలు చూశాను. కొత్తగా వచ్చాయని మాకు కొట్లోకి వచ్చాకే తెలిసింది. వాటిలో ఒకదాని ఫొటోతో చేసిన పోస్టర్ దీనితో జత చేశాను. నచ్చితే వాడుకోండి, దానికి డబ్బులు వద్దు. వరలక్ష్మీ వ్రతం లోపు ఇలాంటివి ఎనిమిది చేసిస్తాను. ఒక్కోటి 300 చొప్పున మొత్తం 2,400 రూపాయలు. సగం ముందు, సగం అన్నీ ఇచ్చాక. ఒక్కో పోస్టర్‌కు రెండుసార్లు మార్పులు చేస్తాను. ధరలు, చీరల వివరాలు మీరు చెప్పాలి. పేజీ పాస్‌వర్డ్ నాకు అక్కర్లేదు. బొమ్మలు పంపిస్తాను, మీరే పెట్టుకోవచ్చు.”

ఇందులో గొప్ప మాటలేమీ లేవు. కొట్లో ఉన్న సరుకు పేరుంది, చేసి చూపించిన పని ఉంది, లెక్క ఉంది. ఆ 300 కూడా గాలిలోంచి వచ్చింది కాదు. ఫొటోకు అరగంట, డిజైన్‌కు గంట, మార్పులకు అరగంట అనుకుంటే ఒక్కో పోస్టర్‌కు రెండు గంటలు. గంటకు 150 పడింది. మార్పులు రెండుసార్లే అని ముందే రాయకపోతే అరగంట కాస్తా మూడు గంటలవుతుంది. అప్పుడు ఆ పిల్ల కష్టానికి దక్కేది చాలా తక్కువ.

ఉత్తరాన్ని నిలబెట్టేది జత చేసిన పోస్టరే. అందుకని ఫొటో తీసే ముందు యజమానిని అడగాలి. ట్యూబ్‌లైటు కింద చీర అసలు రంగు రాదు. గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట పరిచి తీస్తే అంచు, కొంగు రెండూ ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. ఫిల్టర్ వేసి రంగు పెంచకూడదు. పోస్టర్‌లో చిలకపచ్చ చూసి వచ్చినావిడకు కొట్లో ముదురాకుపచ్చ కనిపిస్తే నిలదీసేది యజమానినే.

తెలుగు అక్షరాలతో ఇంకో చిక్కుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ‘వరలక్ష్మీ’లోని ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. పూర్తయిన బొమ్మను వేరే ఫోన్లో తెరిచి ఒక్కో అక్షరం చదివి చూసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు 1080 × 1350, వాట్సాప్ స్టేటస్‌కు 1080 × 1920 పిక్సెళ్ల కొలతలో విడివిడిగా చేయాలి. ఒకే బొమ్మ రెండు చోట్లా పెడితే అంచున ఉన్న ఫోన్ నంబరు తెగిపోవచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు.

హీరోయిన్ ఫొటో పెట్టమని యజమాని ముచ్చటపడవచ్చు. అక్కడ మర్యాదగానే కాదనాలి. అనుమతి లేకుండా ఒకరి బొమ్మను వ్యాపారానికి వాడుకుంటే కేసు కొట్టు మీదికి వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన వేరే కొట్టు చీర ఫొటో కూడా అంతే. దాన్ని చూసి వచ్చినవాళ్లకు చూపించడానికి ఆ చీరే కొట్లో ఉండదు.

ఇక ఉత్తరం ఇచ్చే వేళ. సాయంత్రం ఆరింటికి వెళితే కౌంటర్ దగ్గర నిలబడటానికే చోటుండదు. మామూలు రోజున, బోణీ అయ్యాక, పదకొండు గంటల ప్రాంతంలో వెళ్లాలి. కాగితం చేతికిచ్చి, ఫోన్లో ఆ ఒక్క పోస్టర్ చూపించి, రెండు రోజుల తర్వాత వస్తానని చెప్పి రావాలి. చెప్పిన రోజున తప్పకుండా వెళ్లాలి.