ఆఖరి లెక్క అర్థమయ్యేలా రాయండి

ఉద్యోగం మానేసిన మనిషికి కంపెనీ నుంచి వచ్చే ఆఖరి ఉత్తరం ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. హెచ్ఆర్ వాళ్ల వాడుకలో ఎఫ్ఎన్ఎఫ్. రావాల్సినదెంత, పట్టుకునేదెంత, చేతికి ఎప్పుడొస్తుంది అన్నవే ఇందులో ఉండాల్సిన మూడు సంగతులు. చాలా కంపెనీల ఉత్తరాల్లో సరిగ్గా ఆ మూడే కనపడవు. అవి ఇలా ఉంటాయి:

"మీ రాజీనామా ఆమోదించబడినది. పాలసీ ప్రకారం నోటీసు రికవరీ మినహాయించి, అన్ని విభాగాల క్లియరెన్స్ అనంతరం మీకు చెల్లించవలసిన మొత్తం 45 నుంచి 60 రోజులలో విడుదల చేయబడును. కంపెనీ ఆస్తులు వెంటనే అప్పగించవలెను. లేనిపక్షంలో తగు చర్య తీసుకోబడును."

ఇందులో ఒక్క రూపాయి లెక్క లేదు, ఒక్క తేదీ లేదు. ఉన్నదల్లా బెదిరింపే. దీన్ని తిరగరాయాలంటే ముందు లెక్క తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీ ఉద్యోగినిని తీసుకుందాం. నెల జీతం 48,000 రూపాయలు, అందులో బేసిక్ 24,000. సర్వీసు మూడేళ్లు. ఆఫర్ లెటర్ ప్రకారం నోటీసు గడువు 60 రోజులు. మే 5న రాజీనామా ఇచ్చింది కాబట్టి గడువు జూలై 3తో ముగియాలి. కొత్త చోట త్వరగా చేరమనడంతో జూన్ 18నే వెళ్లిపోతానంది, మేనేజర్ సరేనన్నారు. అంటే 45 రోజులు పనిచేసింది, 15 రోజులు తక్కువపడ్డాయి.

రావాల్సినవి మూడు. జూన్‌లో 18 రోజుల జీతం 28,800. వాడుకోని సెలవులు 9. కంపెనీ నియమం ప్రకారం బేసిక్ మీద రోజుకు 800 చొప్పున 7,200. పాత ప్రయాణ బిల్లులు 2,350. మొత్తం 38,350.

ఇక కోతలు. పీఎఫ్ కింద 18 రోజుల బేసిక్ అయిన 14,400లో 12 శాతం, అంటే 1,728. తెలంగాణలో వృత్తి పన్ను 200. మిగిలింది నోటీసు రికవరీ. పేచీలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

తక్కువపడ్డ 15 రోజులకు ఏ రేటు కట్టాలి? బేసిక్ మీదైతే రోజుకు 800 చొప్పున 12,000. మొత్తం జీతం మీదైతే రోజుకు 1,600 చొప్పున 24,000. మొదటి లెక్కన ఆమె చేతికి 24,422 వస్తుంది, రెండో లెక్కన 12,422. ఏది చెల్లుతుందో తేల్చేది ఆఫర్ లెటర్‌లో ఆమె సంతకం పెట్టిన షరతే. "పాలసీ ప్రకారం" అని రాసి ఊరుకుంటే, ఆమె ఒక రేటు ఊహించుకుంటుంది, అకౌంట్స్ వాళ్లు మరో రేటు వేస్తారు. అందుకే ఉత్తరంలో ఆ షరతు నంబరు, రోజులు, రోజు రేటు మూడూ పడాలి.

కొన్ని కంపెనీలు సెలవుల డబ్బు బేసిక్ మీద కట్టి, నోటీసు రికవరీ మాత్రం మొత్తం జీతం మీద పట్టుకుంటాయి. ఇచ్చేటప్పుడు రోజుకు 800, తీసుకునేటప్పుడు 1,600. అలాంటి చోట మిగిలిన 9 సెలవుల్ని నోటీసు రోజుల్లో సర్దమని ఉద్యోగి అడగడం మేలు. సర్దితే 6 రోజులే తక్కువపడతాయి, రికవరీ 9,600తో సరిపోతుంది. సర్దకపోతే 24,000 పట్టుకుని 7,200 ఇస్తారు, అంటే నికరంగా పోయేది 16,800. సర్దుబాటుకు కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా ఉత్తరంలో ఉండాల్సిందే.

రికవరీ మీద జీఎస్టీ కలిపితే మాత్రం ఉద్యోగి ఒప్పుకోనక్కర్లేదు. నోటీసు గడువు పూర్తి చేయనందుకు ఉద్యోగి నుంచి రాబట్టే సొమ్ముపై జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది.

తర్వాత తేదీ. 45 నుంచి 60 రోజులన్నది కంపెనీల పాత అలవాటు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో రెండో పనిదినం లోపు ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, అది యజమాని తీసేసిన వాళ్లకే వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోని 17వ సెక్షన్ రాజీనామా చేసిన వాళ్లనూ అందులో చేర్చింది. బకాయి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. మన ఉదాహరణలో జూన్ 18 గురువారం అనుకుందాం. శని, ఆదివారాలు సెలవైతే గడువు 22 సోమవారం. "క్లియరెన్స్ అనంతరం" అన్న మాట ఈ గడువును పొడిగించలేదు. కాబట్టి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగింత చివరి పనిదినానికల్లా ముగిసేలా కంపెనీయే ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.

ఇవన్నీ చేర్చి రాస్తే ఉత్తరం ఇలా వస్తుంది:

"నమస్కారం. మే 5న మీరిచ్చిన రాజీనామా ప్రకారం జూన్ 18 మీ చివరి పనిదినం. మీకు రావాల్సినవి: జూన్‌లో 18 రోజుల జీతం 28,800, తొమ్మిది సెలవులకు 7,200, ప్రయాణ బిల్లులు 2,350, మొత్తం 38,350 రూపాయలు.

కోతలు: పీఎఫ్ 1,728, వృత్తి పన్ను 200, నోటీసు రికవరీ 12,000, మొత్తం 13,928 రూపాయలు. మీ ఆఫర్ లెటర్‌లోని 7వ షరతు ప్రకారం తక్కువపడిన 15 రోజులకు రోజుకు 800 చొప్పున రికవరీ కట్టాం.

నికరంగా 24,422 రూపాయలు జూన్ 22 సోమవారం మీ జీతం ఖాతాలో జమ అవుతాయి. మే జీతం ఇదివరకే జమ చేశాం.

ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు 18వ తేదీ సాయంత్రంలోగా ఐటీ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోండి. లెక్కలో తేడా కనిపిస్తే 19వ తేదీ మధ్యాహ్నంలోగా ఈ మెయిల్‌కే జవాబివ్వండి."

చివర మరో రెండు మాటలు చేర్చితే సగం ఫోన్లు తగ్గుతాయి. ఒకటి, పీఎఫ్ నిల్వ ఈ లెక్కలోకి రాదు. అది ఈపీఎఫ్ఓ దగ్గరే ఉంటుంది. కంపెనీ చేయాల్సింది అక్కడ ఉద్యోగి వెళ్లిన తేదీ నమోదు చేయడం. రెండోది గ్రాట్యుటీ. శాశ్వత ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు నిండితేనే వస్తుంది కాబట్టి ఈమెకు వర్తించదు. వర్తించే వాళ్లకు దాని గడువు వేరు, 30 రోజులు. ఆ తేదీ విడిగా రాయాలి. ఈ రెంటినీ ప్రస్తావించకుండా వదిలేస్తే తన డబ్బు ఎగ్గొట్టారని ఉద్యోగి అనుకోవడం సహజం.

ఇప్పటికీ పాత బాణీలో ఉత్తరం అందుకుంటే కంగారు పడొద్దు. రికవరీ రోజులెన్ని, రోజు రేటెంత, ఏ షరతు కింద, ఏ తేదీకి జమ అని నాలుగు ప్రశ్నలతో మెయిల్‌లోనే జవాబు అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువుండదు. "ఇక నాకు ఎలాంటి బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకే పెట్టండి.