సీఐ అంటే పోలీసు కాదు

హైదరాబాద్‌లో ప్రోగ్రామర్ల సభ ఒకటి జరుగుతోందనుకుందాం. వక్త గిట్ గురించి చెబుతున్నాడు. పదిమంది ఒకే ప్రోగ్రామును మార్చుతున్నప్పుడు ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్ అది. "బ్రాంచ్ తీసుకుని, కమిట్ చేసి, పుష్ కొట్టండి. సీఐ పాసైతే మీ పీఆర్ నేను మెర్జ్ చేస్తా" అంటాడు. హాల్లో అందరికీ తెలిసిన మాటలే. పక్కన నిలబడి, బధిర ప్రోగ్రామర్ల కోసం సైగలు చేస్తున్న ఇంటర్‌ప్రెటర్‌కు మాత్రం బ్రాంచ్ అంటే ఇంజినీరింగ్ కాలేజీలో బ్రాంచ్, కమిట్ అంటే మాటివ్వడం, సీఐ అంటే సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఆలోచించుకోవడానికి రెండు మూడు క్షణాలకు మించి ఉండదు.

భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. చెవిన పడ్డ మాటను అర్థం చేసుకున్నాకే దానికి సైగ వస్తుంది. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో నిఘంటువును 10,000 పదాలకు పెంచింది. అయినా ఈ వక్త ఈ పూట ఏ మాటను ఏ అర్థంలో వాడతాడో ఏ నిఘంటువూ చెప్పలేదు. అది చెప్పగలిగేది ఆయన పీపీటీ ఒక్కటే. కనీసం వారం ముందు దాన్ని పూర్తిగా పంపి, దాంతోపాటు పదాల పట్టిక ఇవ్వడం నిర్వాహకుల పని.

నలభై స్లైడ్లున్నా పట్టికలో పాతిక పదాలు చాలు. ఫైలు, పాస్‌వర్డ్, సర్వర్ లాంటివి అక్కర్లేదు. మామూలు మాటలా వినిపిస్తూ వేరే అర్థమున్నవి, పొడి అక్షరాలు, పేర్లు ఏరుకోవాలి. అయితే స్లైడ్లు మాత్రమే చూస్తే సగమే దొరుకుతాయి. స్లైడు మీద 'పుల్ రిక్వెస్ట్' అని ఉంటుంది, వక్త నోట మాత్రం 'పీఆర్' అని వస్తుంది. అందుకే వక్తకు ఫోన్ చేసి, స్లైడ్లు తిప్పుతూ పైకి మాట్లాడమనాలి. ఇంటర్‌ప్రెటర్ వినేది మాటను, చదివేది తక్కువ. తెర మీద nginx అని చూసినవాళ్లకు, చెవిన పడ్డ 'ఇంజిన్ ఎక్స్' అదేనని తట్టదు. SQLను చాలామంది 'సీక్వెల్' అంటారు, మనకేమో సినిమా రెండో భాగం గుర్తొస్తుంది. కాబట్టి పట్టికలో మొదటి గడి పలికే తీరుకు కేటాయించాలి. తర్వాత రాత రూపం, ఏ స్లైడు, ఆ ప్రసంగంలో దాని అర్థం ఒక్క వాక్యంలో.

ఆ వాక్యం దగ్గరే పట్టిక తేలిపోతుంది. సీఐకి 'కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్' అని విస్తరించి వదిలేస్తే ఏం ఉపయోగం? 'కొత్త మార్పు రాగానే దాన్ని మిగతా ప్రోగ్రాముతో కలిపి, పనిచేస్తోందో లేదో దానంతటదే పరీక్షించే ఏర్పాటు' అని రాయాలి. సైగల్లో దిశ కూడా ముఖ్యం. పుష్ అంటే నా కంప్యూటర్ నుంచి సర్వర్‌కు, పుల్ అంటే అక్కణ్నుంచి నాకు. ఇక్కడే పుల్ రిక్వెస్ట్ తికమక పెడుతుంది. పేరులో లాగడం ఉన్నా, 'నా మార్పును మీ ప్రాజెక్టులోకి తీసుకోండి' అని అవతలివాళ్లను అడగడమది. మార్పు వెళ్లేది నా దగ్గర నుంచే. పట్టికలో 'నా నుంచి ప్రాజెక్టుకు' అని బాణం గీయకపోతే, ఇంటర్‌ప్రెటర్ చెయ్యి తనవైపు లాగుతుంది, చూసేవాళ్లకు కథ తిరగబడుతుంది.

సైగ ఏమిటో మాత్రం పట్టికలో మనం రాయకూడదు. ఆ గడి ఖాళీగా ఉంచాలి. రోజూ గిట్ వాడే బధిర ప్రోగ్రామర్లు తమలో తాము ఏదో సైగ వాడుతూనే ఉంటారు, అది ఆఫీసుకో తీరుగా ఉండొచ్చు కూడా. సభకు ముందు ఇంటర్‌ప్రెటర్లూ వాళ్లూ ఓ పావుగంట కూర్చుని ఆ గడి నింపుకుంటారు. సైగే లేకపోతే వేళ్లతో అక్షరాలు చూపాలి. 'కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్'కు ఇంగ్లిష్‌లో 21 అక్షరాలు. చూపడం పూర్తయ్యేసరికి వక్త ఇంకో వాక్యంలో ఉంటాడు. అందుకే మొదటిసారి అక్షరాలు చూపి, ఆ పూటకు ఒక పొట్టి సైగ ఖాయం చేసుకుంటారు.

పట్టికను అక్షర క్రమంలో పెట్టకండి, స్లైడ్ల వరుసలో పెట్టండి. ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరుండి సుమారు ఇరవై నిమిషాలకోసారి మారుతుంటారు. ఖాళీగా ఉన్నవారు ఆ కాగితం పట్టుకుని, రెండోవారికి మాట తప్పినప్పుడు అందిస్తారు. వక్తలు ముందురోజు రాత్రి స్లైడ్లు మార్చడం మామూలే గనక, సంఖ్యతోపాటు స్లైడు శీర్షిక కూడా రాయడం మేలు.

పట్టిక చాల్లేదని ఎలా తెలుస్తుంది? ఇంటర్‌ప్రెటర్ ఒకే మాటను పదేపదే అక్షరాల్లో చూపుతున్నా, వక్త కన్నా అంతకంతకూ వెనకబడుతున్నా, బధిర శ్రోతలు ఆమెను వదిలి తెరను చదువుకుంటున్నా అదే కారణం కావచ్చు. అన్నింటికన్నా ఎక్కువ జారేది ప్రశ్నల వేళ. అక్కడ పట్టికలో లేని 'రీబేస్' ఎవరో ఒకరు తెస్తారు. ఆ పదం వినగానే జవాబుకు ముందు దాన్ని ఒక్క వాక్యంలో విడమరచమని వక్తకు ముందే చెప్పి ఉంచాలి.