ఉచిత టోకెన్ల వెనక సంతకం

2022 జూలైలో యూనిస్వాప్ వాడకందార్లలో 70 వేలకు పైగా వాలెట్లలోకి అడగని టోకెన్ ఒకటి వచ్చి పడింది. బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే పంపింది యూనిస్వాప్ అన్నట్టే కనిపించేలా మోసగాళ్లు ఏర్పాటు చేశారు. టోకెన్ పేరు వెంట వెళితే ఒక సైటు, అందులో అసలైన యూనీ టోకెన్లు ఉచితంగా ఇస్తామన్న ఆశ.

వాలెట్ కనెక్ట్ చేస్తేనే డబ్బు పోదు. అప్పటికి ఆ సైటుకు తెలిసేది మీ చిరునామా, అందులో ఏముందన్నదే. అసలు దెబ్బ తర్వాత వచ్చే రెండో పాపప్‌లో ఉంది. ‘క్లెయిమ్’ నొక్కినవాళ్లకు వచ్చింది `setApprovalForAll` అనే అభ్యర్థన. ఒక కలెక్షన్‌లోని మీ ఎన్‌ఎఫ్‌టీలన్నీ ఎదుటివాడు తీసుకోవచ్చన్న అనుమతి అది. యూనిస్వాప్‌లో పెట్టిన పెట్టుబడికి రసీదు ఎన్‌ఎఫ్‌టీయే కాబట్టి, దాంతోపాటు సొమ్మూ పోయింది. మొత్తం నష్టం సుమారు 80 లక్షల డాలర్లు.

మామూలు టోకెన్లకైతే `approve` గానీ `Permit` గానీ అడుగుతారు. రెండోది మరీ ప్రమాదం: ఉత్త సంతకమే, గ్యాస్ ఫీజు కూడా అడగదు, కాబట్టి అనుమానం రాదు. ఉచితంగా ఇచ్చేవాడికి మీ టోకెన్ల మీద అనుమతి ఎందుకు?

పొరపాటున నొక్కితే ‘డిస్‌కనెక్ట్’ చేసినంత మాత్రాన ఆ అనుమతి పోదు. వెంటనే revoke.cash లాంటి చోట దాన్ని రద్దు చేయండి. సీడ్ ఫ్రేజ్ ఇచ్చేసి ఉంటే రద్దు పనికిరాదు, మిగిలిన సొమ్ము కొత్త వాలెట్‌కు మార్చుకోండి.