అమెరికాకు మందులు, సప్లిమెంట్లు తీసుకెళ్తున్నారా? ఎన్ని, ఎలా సర్దుకోవాలంటే..

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని అమెరికా బయలుదేరే తల్లిదండ్రులు చాలామంది ఆరు నెలలకు సరిపడా మందులు కొని సూట్‌కేసులో పెట్టేస్తారు. అక్కడ మందులు ఖరీదు, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం అన్న భయమే దీనికి కారణం. కానీ అమెరికాలో విదేశీ మందులకు సాధారణంగా అనుసరించే లెక్క మూడు నెలలే. అంటే 90 రోజులు. దానికి మించి ఉంటే ఇది సొంతానికా, వేరేవాళ్లకు ఇవ్వడానికా అనే ప్రశ్న వస్తుంది.

సామాన్లు తనిఖీ చేసేది అక్కడి కస్టమ్స్ విభాగం సీబీపీ. మందుల విషయంలో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే పద్ధతిని అది పాటిస్తుంది. మందు మీ సొంత వాడకానికే అని తెలియాలి, అసలు ప్యాకింగ్‌లో ఉండాలి, ఇంగ్లిష్‌లో డాక్టర్ చీటీ ఉండాలి. ఆ మందు ఉన్నట్టు మీరు దాచకుండా చెప్పాలి.

ఒక ఉదాహరణ చూద్దాం

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వెళ్తున్న ఒక జంటను ఊహించుకోండి. ఆయనకు షుగర్, బీపీ. రోజుకు రెండు మెట్‌ఫార్మిన్, ఒక టెల్మిసార్టాన్, ఒక కాల్షియం మాత్ర వేసుకుంటారు. కిలో ప్రొటీన్ పౌడర్ డబ్బా కూడా ఉంది. ఆమెకు థైరాయిడ్ మాత్ర, రాత్రి నిద్రకు ఆల్‌ప్రజోలం, మోకాళ్ల నొప్పి ఎక్కువైనప్పుడు ట్రమడాల్ కలిసిన మాత్ర, అశ్వగంధ చూర్ణం ఉన్నాయి.

మామూలు మందుల లెక్క సులువు. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు చొప్పున 90 రోజులకు 180 మాత్రలు. పది మాత్రల స్ట్రిప్పులైతే 18 సరిపోతాయి. టెల్మిసార్టాన్, థైరాయిడ్, కాల్షియం తొంభై చొప్పున. ప్రయాణం ఆలస్యమైతే ఎలా అని నాలుగైదు రోజులకు అదనంగా పెట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు. 36 స్ట్రిప్పులు పెడితేనే వివరించాల్సి వస్తుంది.

మరి మిగతా మూడు నెలల సంగతి? రెండు దారులున్నాయి. ఒకటి, అక్కడి డాక్టర్‌కు చూపించుకుని చీటీ రాయించుకోవడం. మెట్‌ఫార్మిన్ లాంటి పాత జనరిక్ మందులు అక్కడి ఫార్మసీల్లోనూ మరీ ఖరీదు కావు. రెండోది, 90 రోజులకు మించి ఉండే విదేశీయులకు ఇంటి నుంచి మందు పంపించడం. ఆ పార్శిల్‌లో వీసా, పాస్‌పోర్టు కాపీలు, డాక్టర్ లేఖ, ఇంగ్లిష్ చీటీ తప్పనిసరిగా ఉండాలి. ఇవి లేకుండా కొరియర్‌లో వేసిన మందులు కస్టమ్స్ దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

కత్తిరించిన స్ట్రిప్పుతోనే చిక్కు

మన మెడికల్ షాపుల్లో ఆరు మాత్రలు అడిగితే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. చాలాసార్లు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మీ చేతికి వచ్చిన వెండి రేకు ముక్క మీద ఏమీ ఉండదు. ఇంట్లో వాడుకోవడానికి పర్వాలేదు గానీ, ఎయిర్‌పోర్టులో అది పేరు తెలియని మాత్రే. కాబట్టి ప్రయాణానికి కొనేటప్పుడు పూర్తి స్ట్రిప్పులే తీసుకోండి, వీలైతే అట్టపెట్టెతో సహా. బిల్లు మీద రోగి పేరు రాయించుకోండి.

సోమవారం నుంచి ఆదివారం వరకు గదులుండే మాత్రల డబ్బా వాడే అలవాటుంటే ఖాళీ డబ్బా తీసుకెళ్లండి. అక్కడికి చేరాక నింపుకోవచ్చు. సప్లిమెంట్లకూ ఇదే వర్తిస్తుంది. రెండు సీసాల విటమిన్ మాత్రలు ఒకే సీసాలో కలిపేస్తే లేబుల్ ఒకటి, లోపలున్నది మరొకటి అవుతుంది.

ఇక చీటీ. మన బ్రాండ్ పేర్లు అమెరికా అధికారికి తెలియవు. అందుకే డాక్టర్ లెటర్‌హెడ్ మీద మందు అసలు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఏ జబ్బుకు అన్నవి స్పష్టంగా టైప్ చేయించుకోండి. చీటీ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో ఉన్నా ఫర్వాలేదు గానీ అక్షరాలు వేరైతే అనుమానాలొస్తాయి. కొన్ని మందుల పేర్లు రెండు దేశాల్లో వేర్వేరు అని గుర్తుంచుకోండి. మన పారాసిటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. ఈ రెండో పేరు కూడా చీటీలో ఉంటే అక్కడి డాక్టర్‌కూ పనికొస్తుంది.

అసలు జాగ్రత్త ఆ రెండు మాత్రల దగ్గరే

ఈ జంట సామాన్లలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఆల్‌ప్రజోలం, ట్రమడాల్ ఒక ఎత్తు. అలవాటుగా మారే ప్రమాదం ఉన్నందున ఈ రెండూ అమెరికాలో నియంత్రిత మందుల జాబితాలో ఉన్నాయి. మన దేశంలోనూ మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ పరిధిలోకి వస్తాయి. ట్రమడాల్‌ను 2018లో ఇందులో చేర్చారు. ఎన్‌డీపీఎస్ నిబంధనల ప్రకారం ఇలాంటి మందును సొంత వైద్యానికి డాక్టర్ చీటీతో ఒకసారికి 100 డోసుల వరకు ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే 300 వరకు అనుమతి ఉంటుంది. చీటీ లేకుండా ఒక్క స్ట్రిప్పు ఉన్నా ఇబ్బందే.

అమెరికాలో దిగాక ఒక తేడా ఉంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. సందర్శకుల వీసాపై వెళ్లేవారు ఇలాంటి మందును సొంత వాడకానికి, అసలు ప్యాకింగ్‌లో, అధికారికి చెప్పి తీసుకెళ్లవచ్చు. కానీ పిల్లలు స్పాన్సర్ చేయగా గ్రీన్‌కార్డు వచ్చిన తల్లిదండ్రులు చట్టం దృష్టిలో అమెరికా నివాసులు. అక్కడి డాక్టర్ రాసిన చీటీ లేకుండా, విదేశంలో కొన్న నియంత్రిత మందులు వారు తీసుకెళ్లగలిగేది 50 డోసులు మాత్రమే. ఇది ఒక్కో మందుకు 50 కాదు, అన్నీ కలిపి 50.

మన ఉదాహరణలోని ఆమెకు గ్రీన్‌కార్డు ఉందనుకుందాం. ఆల్‌ప్రజోలం 30, ట్రమడాల్ మాత్రలు 20 తీసుకుంటే సరిగ్గా పరిమితికి వస్తుంది. అంటే నిద్ర మాత్ర నెల రోజులకే సరిపోతుంది. అది అయిపోయాక చూద్దాంలే అనుకోవడం ప్రమాదకరం. ఎందుకంటే రోజూ వాడే ఆల్‌ప్రజోలాన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి. మోతాదు నెమ్మదిగా తగ్గించవచ్చా, వేరే మందుకు మారవచ్చా అన్నది ఆయనే చెప్పాలి. ట్రమడాల్ బదులు మామూలు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోగలిగితే ఆ 50 మాత్రలూ నిద్ర మందుకే వాడుకోవచ్చు, ఒక తలనొప్పి కూడా తగ్గుతుంది.

మధ్యలో దుబాయ్ ఉందని మరవొద్దు

సూట్‌కేసు నేరుగా డాలస్‌కు ట్యాగ్ అయినా, చేతి బ్యాగు దుబాయ్‌లో మళ్లీ స్క్రీనింగ్‌కు వెళ్తుంది. యూఏఈలో ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ లాంటివి కఠిన నియంత్రణలో ఉన్నాయి. అక్కడ రెండు రోజులు ఆగి ఊరు చూసి వెళ్దాం అనుకుంటే, ఇలాంటి మందులకు ఆ దేశ అధికారుల నుంచి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మరో ముఖ్యమైన సంగతి, మన వంటింటి గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషేధం. నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. మసాలా పొట్లాల మధ్య అవి చేరకుండా చూసుకోండి.

పొడులు, చూర్ణాలు, సిరప్‌లు

ప్రొటీన్ పౌడర్ నిషేధం కాదు. అయితే అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతి బ్యాగులో ఉంటే అదనపు తనిఖీ ఉంటుంది. అదేమిటో తేలకపోతే విమానంలోకి అనుమతించరు. ఆ పరిమాణమంటే సుమారు ఒక కూల్‌డ్రింక్ టిన్ను అంత. కిలో డబ్బా సీలు తీయకుండా చెకిన్ సూట్‌కేసులో పెట్టేయడం మేలు.

అశ్వగంధ చూర్ణం కూడా కంపెనీ సీలు, లేబుల్ ఉన్నదే తీసుకెళ్లాలి. ఊళ్లో వైద్యుడు కాగితంలో కట్టిచ్చిన పొట్లం ఏమిటో ఏ అధికారికీ నిరూపించలేరు. భస్మాలు, రస ఔషధాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అమెరికాలో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. అప్పటి నుంచి వీటిపై అక్కడ అనుమానం బలపడింది.

డాక్టర్ రాసిన సిరప్, ఇన్సులిన్‌కు 100 మిల్లీలీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఉంటుంది. కాకపోతే తనిఖీ దగ్గర ముందే బయటకు తీసి చూపించాలి. ఇన్సులిన్‌ను మాత్రం చెకిన్ బ్యాగులో వేయకండి. సామాన్ల గదిలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. రోజూ వేసుకునే మందులన్నీ చేతి బ్యాగులోనే ఉంటే, సూట్‌కేసు తప్పిపోయినా డోసు తప్పదు.

తిరిగి వచ్చేటప్పుడు

అక్కడి సూపర్‌మార్కెట్‌లో మామూలుగా దొరికే వస్తువు ప్రతి దేశంలోనూ సప్లిమెంటే కాదు. నిద్రకు వాడే మెలటోనిన్ అమెరికాలో చాక్లెట్ల పక్కనే కనిపిస్తుంది, బ్రిటన్‌లో అది డాక్టర్ చీటీ ఉండాల్సిన మందు. డీహెచ్‌ఈఏ అనే హార్మోన్ సప్లిమెంటు అమెరికాలో షెల్ఫుల్లో ఉంటుంది, కెనడాలో నియంత్రిత జాబితాలో ఉంది. లండన్ లేదా టొరంటో మీదుగా వచ్చేవారు ఇది గమనించాలి.

మన దేశంలోకి సొంత వాడకానికి తెచ్చుకునే మందులకు ఔషధ నిబంధనల్లో ఒక పరిమితి ఉంది. ఏ మందైనా 100 సగటు డోసులు మించకూడదు. అంతకంటే ఎక్కువ కావాలంటే ఫారం 12-ఏ దరఖాస్తుతో ముందుగా అనుమతి తీసుకోవాలి. బంధువులు, ఇరుగుపొరుగు అడిగారని పది సీసాలు సర్దుకుంటే, సొంత వాడకం అన్న మాట అధికారి దగ్గర నిలవదు. ఎవరి మందు వారి బ్యాగులో, వారి పేరున ఉన్న చీటీతో ఉండటమే సురక్షితం.