దిక్కు మారినా మారని జవాబు

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో అవకలనం చెప్పేటప్పుడు ప్రతి లెక్చరరూ బోర్డు మీద |x| గ్రాఫు గీస్తారు. ఇంగ్లిషు V అక్షరంలా ఉండే ఆ గ్రాఫుకు సున్నా దగ్గర ఒక మొన ఉంటుంది. కుడివైపు నుంచి ఆ మొనను చేరితే వాలు 1, ఎడమవైపు నుంచి చేరితే −1. రెండూ కలవలేదు కాబట్టి అక్కడ ఆ ప్రమేయం అవకలనీయం కాదు. ఇది అందరికీ గుర్తుండే పాఠం. సంఖ్యారేఖ మీద ఒక బిందువును చేరడానికి రెండే దారులు. ఆ రెండింటి సాక్ష్యం ఒకటైతే చాలు, పరీక్ష నెగ్గినట్టే.

రెండో సంవత్సరంలో సంకీర్ణ సంఖ్యలు వస్తాయి. x + iy అనే సంఖ్య రేఖ మీద ఉండదు, తలం మీద ఒక బిందువుగా ఉంటుంది. x అడ్డంగా, y నిలువుగా కొలుస్తాం. డిగ్రీకి వెళ్లాక ఈ రెండు పాఠాలూ ఒకచోట కలుస్తాయి. సంకీర్ణ సంఖ్యను తీసుకుని సంకీర్ణ సంఖ్యను ఇచ్చే ప్రమేయానికి అవకలజం ఎలా కట్టాలి? నిర్వచనం చూస్తే ఏమీ మారినట్టు కనిపించదు. z పక్కన h అనే చిన్న అడుగు వేయాలి, ప్రమేయం విలువ ఎంత మారిందో చూడాలి, ఆ మార్పును hతో భాగించాలి, ఆపైన hను సున్నాకు చేర్చాలి.

[f(z + h) − f(z)] / h

అదే సూత్రం, అవే అక్షరాలు. కానీ ఇప్పుడు h కూడా సంకీర్ణ సంఖ్యే. తూర్పుకు అడుగు వేయవచ్చు, ఉత్తరానికి వేయవచ్చు, ఏ మూలకైనా వేయవచ్చు. ఎటు వేసినా చివరికి ఒకే సంఖ్య రావాలి.

ముందు ఈ పరీక్ష నెగ్గే ప్రమేయాన్ని చూద్దాం. f(z) = z². బిందువు 2 + i అనుకుందాం. దాని వర్గం 3 + 4i. తూర్పుకు 0.1 జరిగితే 2.1 + i అవుతుంది, దాని వర్గం 3.41 + 4.2i. మార్పు 0.41 + 0.2i. దాన్ని 0.1తో భాగిస్తే 4.1 + 2i. ఇప్పుడు ఉత్తరానికి జరుగుదాం, అంటే h = 0.1i. కొత్త బిందువు 2 + 1.1i, వర్గం 2.79 + 4.4i. మార్పు −0.21 + 0.4i. దీన్ని 0.1తో కాదు, 0.1iతో భాగించాలి. అప్పుడు వచ్చేది 4 + 2.1i. రెండు జవాబులూ ఒకటి కాకపోయినా దగ్గరగానే ఉన్నాయి. అడుగును 0.01కి తగ్గిస్తే అవి 4.01 + 2i, 4 + 2.01i అవుతాయి. ఏ దిక్కుకు నడిచినా చివరికి చేరేది 4 + 2i దగ్గరికే. అది 2z. వాస్తవ సంఖ్యల్లో x²కు 2x వచ్చినట్టే.

ఇప్పుడు ఓడిపోయే ప్రమేయం. ప్రతి z = x + iyకి దాని సంయుగ్మం x − iyని ఇచ్చే ప్రమేయాన్ని తీసుకుందాం. కోనేటి గట్టున నిలబడితే నీటిలో గోపురం తలకిందులుగా కనిపిస్తుంది కదా, ఈ ప్రమేయం చేసే పని అదే. x అక్షాన్ని నీటిమట్టం అనుకుంటే పైనున్నది కిందికి, కిందున్నది పైకి వస్తుంది. ఇందులో మొన లేదు, తెగుదల లేదు, ముడత లేదు. అయినా పరీక్ష పెట్టి చూడండి. h = 0.1 అయితే విలువలో మార్పు కూడా 0.1, నిష్పత్తి 1. h = 0.1i అయితే మార్పు −0.1i, నిష్పత్తి −1. మూలగా h = 0.1 + 0.1i తీసుకుంటే మార్పు 0.1 − 0.1i, నిష్పత్తి −i. అడుగును వెయ్యో వంతుకు కుదించినా ఈ జవాబులు ఇసుమంతైనా కదలవు. తలంలో ఏ ఒక్క బిందువు దగ్గరా ఈ ప్రమేయానికి సంకీర్ణ అవకలజం లేదు.

దిక్కులు ఎక్కువ కాబట్టి పరీక్ష కష్టమైందని ఇక్కడ చాలామంది సరిపెట్టుకుంటారు. అది సగం నిజమే. రెండు వాస్తవ చలరాశుల ప్రమేయాన్ని అవకలనం చేసేటప్పుడు కూడా అన్ని దిక్కులూ ఉంటాయి. కానీ అక్కడ ఒక్కో దిక్కుకు ఒక్కో వాలు ఉండవచ్చు. కొండవాలు మీద నిలబడితే తూర్పుకు ఎక్కుడు, ఉత్తరానికి దిగుడు ఉండవచ్చు, అది తప్పేమీ కాదు. దగ్గరికి వెళ్లి చూసినప్పుడు ఆ నేల చదునైన పలకలా కనిపిస్తే చాలు. ఆ లెక్కన కోనేటి ప్రతిబింబానికి పూర్తి మార్కులు వస్తాయి.

సంకీర్ణ అవకలనం అడిగేది వేరు. అక్కడ మార్పును hతో భాగిస్తున్నాం. అంటే, వేసిన ప్రతి చిన్న అడుగునూ ఒకే ఒక సంకీర్ణ సంఖ్యతో గుణిస్తే ఫలితంలో వచ్చే మార్పు దాదాపుగా రావాలి అంటున్నాం. సంకీర్ణ సంఖ్యతో గుణించడమంటే ఏమిటో గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. iతో గుణిస్తే బిందువు 90 డిగ్రీలు తిరుగుతుంది. 2తో గుణిస్తే దూరం రెట్టింపవుతుంది. 4 + 2iతో గుణిస్తే కొంత తిరుగుతుంది, కొంత పెరుగుతుంది. తిప్పడం, సాగదీయడం, అంతే. ఆ సాగదీత కూడా అన్ని వైపులా సమానంగానే ఉంటుంది. ఒకవైపే లాగడం కుదరదు, అద్దంలోలా తిరగేయడం కుదరదు.

రబ్బరు షీటు మీద చిన్న వృత్తం గీశామనుకోండి. వాస్తవ అవకలనం ఆ వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి సాగినా, తిరగబడినా ఒప్పుకుంటుంది. అక్కడ తూర్పు అడుగు ఎటు పోతుందో చెప్పడానికి రెండు సంఖ్యలు, ఉత్తరపు అడుగు ఎటు పోతుందో చెప్పడానికి ఇంకో రెండు, మొత్తం నాలుగు సంఖ్యలు స్వేచ్ఛగా ఉంటాయి. సంకీర్ణ అవకలజంలో ఉన్నవి రెండే: వాస్తవ భాగం, కల్పిత భాగం. తూర్పు అడుగు గతి తేలిందంటే ఉత్తరపు అడుగు గతి కూడా తేలిపోయినట్టే. అది మొదటిదానికి సరిగ్గా 90 డిగ్రీలు అపసవ్యంగా, అంతే పొడవుతో ఉండి తీరాలి. ప్రతిబింబంలో జరిగేదేమిటంటే తూర్పు తూర్పుగానే ఉండి, ఉత్తరం దక్షిణమైపోతుంది. పొడవు సరిపోయింది, కానీ మలుపు తప్పుదిక్కున పడింది.

ఈ షరతునే రెండు సమీకరణాలుగా రాయవచ్చు. ప్రమేయం వాస్తవ భాగాన్ని u, కల్పిత భాగాన్ని v అనుకుంటే, x దిశలో u మారే రేటు y దిశలో v మారే రేటుకు సమానం కావాలి. y దిశలో u మారే రేటు x దిశలో v మారే రేటుకు రుణ గుర్తు పెట్టినంత కావాలి. వీటినే కోషీ–రీమన్ సమీకరణాలంటారు. రీమన్ 1851లో గోటింగెన్‌లో సమర్పించిన తన పరిశోధన వ్యాసంలో సంకీర్ణ ప్రమేయాల సిద్ధాంతానికి వీటినే పునాదిగా తీసుకున్నాడు. z²లో u = x² − y², v = 2xy. రెండు జతలూ సరిగ్గా కుదురుతాయి. సంయుగ్మంలో u = x, v = −y. మొదటి జతలోనే ఒకవైపు 1, రెండోవైపు −1 వచ్చి కూర్చుంటాయి.

విద్యార్థులు జారిపడే చోటు ఒకటి ఇక్కడుంది. ఈ సమీకరణాలు తూర్పు–పడమర, ఉత్తర–దక్షిణ దారులను మాత్రమే తనిఖీ చేస్తాయి. f(z) = √|xy| తీసుకోండి. రెండు అక్షాల మీదా దాని విలువ సున్నాయే కాబట్టి మూలబిందువు దగ్గర సమీకరణాలు రెండూ చక్కగా కుదురుతాయి. కానీ h = 0.1 + 0.1i తీసుకుంటే విలువ 0.1, నిష్పత్తి 0.5 − 0.5i. అడుగు ఎంత చిన్నదైనా అది సున్నాకు రాదు. కాబట్టి సమీకరణాలు ఒక్కటే చాలవు. దగ్గరగా చూస్తే చదునైన పలకలా కనిపించే వాస్తవ అవకలనీయత కూడా ఉండాలి. ఆ రెండూ కలిస్తేనే సంకీర్ణ అవకలజం ఉన్నట్టు.

మధ్యలో నిలిచే వింత ప్రమేయం ఇంకొకటి ఉంది: |z|², అంటే x² + y². గ్రాఫు గీస్తే నున్నటి గిన్నెలా ఉంటుంది. వాస్తవ అవకలనానికి ఇంతకంటే మెత్తనిది దొరకదు. 2 + i దగ్గర దీని విలువ 5. తూర్పుకు 0.1 జరిగితే 5.41, నిష్పత్తి 4.1. ఉత్తరానికి జరిగితే 5.21, మార్పు 0.21ని 0.1iతో భాగిస్తే −2.1i. అడుగు తగ్గేకొద్దీ ఒకటి 4కి, రెండోది −2iకి పోతాయి, ఎన్నటికీ కలవవు. కానీ మూలబిందువు దగ్గర చూడండి. అక్కడ |h|²ను hతో భాగిస్తే మిగిలేది h సంయుగ్మం, అది ఏ దిక్కునుంచి వచ్చినా సున్నాకే చేరుతుంది. తలమంతటా ఆ ఒక్క బిందువు దగ్గరే దీనికి అవకలజం ఉంది. అందుకే గణితంలో ఒక్క బిందువు దగ్గర నెగ్గడాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక బిందువు చుట్టూ కొంత మేర ప్రతిచోటా నెగ్గితేనే ఆ ప్రమేయాన్ని అక్కడ విశ్లేషకమంటారు.

ఇంత కఠినమైన షరతు పెట్టినందుకు దక్కే ఫలితం కూడా అంత గొప్పది. వాస్తవ రేఖ మీద x|x| అనే ప్రమేయం అంతటా అవకలనీయమే, దాని అవకలజం 2|x|. కానీ అది మళ్లీ V ఆకారమే కాబట్టి సున్నా దగ్గర రెండోసారి అవకలనం కుదరదు. సంకీర్ణ తలంలో ఇలాంటిది జరగదు. ఒక ప్రాంతమంతటా ఒక్కసారి అవకలనం చేయగలిగితే ఎన్నిసార్లయినా చేయవచ్చు. దీన్ని రుజువు చేసే దారిలో కోషీకి అవకలజం అవిచ్ఛిన్నంగా ఉంటుందన్న ఊహ అవసరమైంది. ఆ ఊహ కూడా అక్కర్లేదని, అవకలజం ఉండటమే చాలని 1900లో ఫ్రెంచి గణితవేత్త గూర్సా చూపించాడు. అంతేకాదు, అలాంటి ప్రమేయం ప్రతి బిందువు చుట్టూ ఒక ఘాతశ్రేణిగా మారిపోతుంది.

వాస్తవ రేఖ మీద ఎన్నిసార్లు అవకలనం చేయగలిగినా ఆ భరోసా లేదు. f(x) = e^(−1/x²) తీసుకుని, సున్నా దగ్గర విలువ 0 అని పెట్టుకుందాం. అక్కడ దాని అవకలజాలన్నీ ఉన్నాయి, అన్నీ సున్నాలే. అందువల్ల దాని ఘాతశ్రేణి కూడా మొత్తం సున్నాయే. కానీ ప్రమేయం సున్నా కాదు. రేఖ మీద నిలబడి ఎంత వెతికినా ఇందులో లోపమేమిటో పట్టుబడదు. x స్థానంలో సంకీర్ణ సంఖ్య పెట్టి చూడండి. తూర్పున 0.1 దగ్గర విలువ e^(−100), దశాంశ బిందువు తర్వాత 43 సున్నాలు దాటితే గానీ మొదటి అంకె రాదు. ఉత్తరాన 0.1i దగ్గర x² విలువ −0.01 అవుతుంది కాబట్టి ప్రమేయం విలువ e^100, అది 44 అంకెల సంఖ్య. సున్నాకు ఇంకా దగ్గరైతే ఒకవైపు విలువ మరింత అణగారిపోతుంది, ఇంకోవైపు మరింత పేలిపోతుంది.

రేఖ మీద అంత నున్నగా కనిపించిన ప్రమేయం తలంలో అవిచ్ఛిన్నంగా కూడా లేదు. రేఖ అడిగిన ఇద్దరు సాక్షులూ తూర్పు–పడమర దారిలోనే ఉన్నారు, వాళ్లు చూసిందే చెప్పారు. ఉత్తరం దారిలో నిలబడ్డ సాక్షిని పిలిచేది సంకీర్ణ అవకలనం ఒక్కటే.